రోజుల లెక్క బిల్లు మీదే ఉండాలి

పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ తొలి బిల్లులో ప్లాన్ ధరకు దాదాపు రెట్టింపు మొత్తం కనిపిస్తే అది మోసమని కొందరు అనుమానిస్తారు, ఏదో పన్ను పడిందనుకుని మరికొందరు చెల్లించేస్తారు. అసలు కారణం మరొకటి. నెల అద్దెను కంపెనీలు సాధారణంగా ముందుగానే వసూలు చేస్తాయి. ప్లాన్ పరిధి దాటిన వాడకానికి మాత్రం తర్వాత వేస్తాయి.

బిల్లింగ్ సైకిల్ ప్రతి నెలా 5న మొదలై మరుసటి నెల 4న ముగుస్తుందనీ, ఒకరు జూన్ 20న 450 రూపాయల ప్లాన్ తీసుకున్నారనీ అనుకుందాం. జూన్ 20 నుంచి జూలై 4 వరకు 15 రోజులు. 30 రోజుల సైకిల్‌లో అవి సగం కనుక వాటి అద్దె 225 రూపాయలు. దీన్నే బిల్లులో ప్రోరేటా అంటారు. జూలై 5 నుంచి ఆగస్టు 4 వరకు ముందస్తు అద్దె 450 కలిపితే 675. దానిపై 18 శాతం జీఎస్టీ, అంటే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరి 60.75 చొప్పున, చేరితే 796.50 రూపాయలు. ఇంతవరకు తప్పేమీ లేదు. వచ్చే నెల నుంచి బిల్లు 531కి దిగాలి. దిగకపోతే అప్పుడు అనుమానించాలి.

అదే బిల్లులో కాలర్ ట్యూన్ పేరిట 49 రూపాయలు ఉంటే పన్నుతో కలిపి అది 57.82 అవుతుంది. ఇలాంటి అదనపు సేవను వినియోగదారుడు రెండుసార్లు సమ్మతి తెలిపాకే ప్రారంభించాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లోనే ఆదేశించింది. కోరని సేవను 155223కు ఫోన్ చేసి ఆపించుకోవచ్చు. సేవ ఆగినంత మాత్రాన పాత వసూలు దానంతటదే తిరిగి వస్తుందని అనుకోరాదు. దాన్ని విడిగా అడగాలి.

సైకిల్ మధ్యలో ప్లాన్ మార్చినవారు మరింత జాగ్రత్తగా చూడాలి. పాత ప్లాన్‌కు ముందే కట్టిన అద్దెలో వాడని రోజుల సొమ్ము మైనస్ గుర్తుతో వెనక్కి రావాలి, కొత్త ప్లాన్ అద్దె అవే రోజులకు పడాలి. మైనస్ వరుస లేకుండా కొత్త అద్దె మాత్రమే కనిపిస్తే ఒకే రోజులకు రెండుసార్లు వసూలు చేశారన్న అనుమానానికి బలముంటుంది.

ఈ లెక్కను వినియోగదారుడు తేదీలు వెతుక్కుని కట్టుకోవలసి రావడం మాకు అన్యాయంగా తోస్తోంది. ప్రతి ప్రోరేటా వరుస పక్కన ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని రోజులకు అన్నది, ప్రతి అదనపు సేవ పక్కన అది ఎప్పుడు, ఏ సమ్మతితో మొదలైందన్నది ముద్రించడాన్ని ట్రాయ్ తప్పనిసరి చేయాలి. అంతవరకు, లెక్క కుదరని వరుసను పేర్కొంటూ కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేయించి డాకెట్ నంబరు తీసుకోవాలి. పరిష్కారం తృప్తికరంగా లేకుంటే ఆ నంబరుతోనే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు.