ఫార్వర్డింగ్ పెడితే స్టాల్సే ఉండవట!

మా అన్న బిడ్డ ఇప్పుడే ఫోన్ చేసింది, నాకు మంట ఇంకా చల్లారలేదు. నల్లగొండ దగ్గర బీటెక్ చదువుతోంది. ఇవాళ కంప్యూటర్ ఆర్కిటెక్చర్ మిడ్ పేపర్లు దిద్ది ఇచ్చారట. "చిన్నాయినా, ఫార్వర్డింగ్ ఉన్నా లోడ్ తర్వాత ఒక స్టాల్ పడ్తదని రాసిన. సార్ కొట్టేసిండు. ఫార్వర్డింగ్ ఉన్నంక స్టాల్ ఎక్కడిదమ్మా అన్నడు." స్టాల్ అంటే ఇన్‌స్ట్రక్షన్ ముందుకు కదలకుండా ఆగిపోయే క్లాక్ సైకిల్. పిల్ల రాసింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. కొట్టేసిన పెన్నుదే తప్పు.

ఇదీ ఆ పిల్లకు వచ్చిన కోడు:

```
lw  t0, 0(s0)
add t1, t0, s1
sub t2, s2, s3
```

ఒక ఇన్‌స్ట్రక్షన్ పూర్తికాకముందే ప్రాసెసర్ తర్వాతిది మొదలుపెట్టే మామూలు ఐదు దశల పైప్‌లైనే. ఫెచ్, డీకోడ్, ఎగ్జిక్యూట్, మెమరీ, రైట్‌బ్యాక్. అడ్డంకి లేకపోతే మూడు ఇన్‌స్ట్రక్షన్లు 7 సైకిళ్లలో బయటపడతాయి. కానీ `add`కి `t0` రిజిస్టర్ విలువ కావాలి, దాన్ని లోడ్ ఇన్‌స్ట్రక్షన్ `lw` ఇంకా మెమరీ నుంచి తేలేదు. ఫార్వర్డింగ్ లేకపోతే `lw` రైట్‌బ్యాక్‌కి చేరేదాకా `add` డీకోడ్‌లోనే కూర్చోవాలి. రిజిస్టర్ ఫైల్ సైకిల్ మొదటి సగంలో రాసి రెండో సగంలో చదివే రకమైనా సరే, రెండు సైకిళ్లు వృథా. మొత్తం 9.

ఫార్వర్డింగ్ అంటే ఫలితం రిజిస్టర్‌లో పడేదాకా ఆగకుండా, అది తయారైన చోటు నుంచే లెక్కలు చేసే ఏఎల్‌యూ ముందుకు వైరు లాగడం. మొదటి ఇన్‌స్ట్రక్షన్ కూడా `add` అయ్యుంటే సార్ చెప్పినట్టే ఒక్క స్టాల్ కూడా పడదు. ఎందుకంటే ఎగ్జిక్యూట్ దశ చివరికల్లా ఫలితం చేతిలో ఉంటుంది. మరి `lw`? అది ఎగ్జిక్యూట్‌లో లెక్కగట్టేది అడ్రస్ మాత్రమే. డేటా దొరికేది మెమరీ దశ అయ్యాక, అంటే నాలుగో సైకిల్ చివర. `add`కి అది కావాల్సింది నాలుగో సైకిల్ మొదట్లో. వైరు ఎంత పొట్టిదైనా రేపటి డేటాను ఇవాళ్టికి తేలేదు కదా సార్! అందుకే ఒక బబుల్, అంటే స్టాల్ వల్ల పైప్‌లైన్‌లో పడే ఖాళీ. మొత్తం 8.

అసలు ఈ పాఠం చెప్పడానికి వాషింగ్ మెషీన్, డ్రయ్యర్, ఇస్త్రీ అని ఒక ఉదాహరణ పట్టుకుని తిరుగుతారే, అదంటే నాకు ఒళ్లుమంట. దేవరకొండ, అచ్చంపేట నుంచి వచ్చే పిల్లలు డ్రయ్యర్ ఎక్కడ చూశారు? సరే, చూశారనే అనుకుందాం. మొదటి వాయి బట్టలు ఆరితేగానీ రెండో వాయి ఉతకడం కుదరదన్న సమస్య లాండ్రీలో ఎప్పుడైనా వస్తుందా? డేటా హజార్డ్ అంటే సరిగ్గా అదే. అసలు ముల్లును పీకేసిన ఉదాహరణ చెప్పి, పరీక్షలో ముల్లు గురించి అడుగుతారు!

స్టాల్ పెట్టే సర్క్యూట్ కూడా బ్రహ్మవిద్యేం కాదు. ఎగ్జిక్యూట్‌లో ఉన్నది లోడేనా, అది నింపే రిజిస్టర్‌నే డీకోడ్‌లో ఉన్నది చదువుతోందా అని చూస్తుంది. అవునంటే తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్ పెట్టుకునే పీసీ రిజిస్టర్‌ని, ఫెచ్ చేసి పెట్టుకున్న ఇన్‌స్ట్రక్షన్‌ని అక్కడే ఆపి, ఎగ్జిక్యూట్‌లోకి ఖాళీ కంట్రోల్ సిగ్నళ్లు పంపుతుంది. 1980లలో వచ్చిన మిప్స్ ఆర్2000 చిప్‌లో లోడ్ కోసం ఈ కాపలా కూడా లేదు. లోడ్ తర్వాతి చోట సంబంధం లేని పని పెట్టడమో, ఏమీ లేకపోతే ఏ పనీ చేయని `nop` పెట్టడమో కంపైలర్, అసెంబ్లర్‌ల బాధ్యత. ఫార్వర్డింగ్‌తోనే అంతా అయిపోతే వాళ్లకెందుకండీ ఆ తిప్పలు? పై కోడులోనే `sub`ని పైకి జరిపి `lw`, `add`ల మధ్యలో పెట్టండి. ఆ ఖాళీలో అది నడుస్తుంది, మళ్లీ 7 సైకిళ్లే. ఈ ముక్క కూడా పిల్ల రాసింది. దాని మీద కూడా గీతే.

ఒక్క సైకిలే కదా అంటారేమో. వంద ఇన్‌స్ట్రక్షన్లలో 20 లోడ్లు, అందులో సగం వాటికి వెంటనే వాడకం ఉందనుకోండి. సగటున ఇన్‌స్ట్రక్షన్‌కి 1 సైకిల్ పట్టాల్సింది 1.1 పడుతుంది. త్రూపుట్‌లో దాదాపు 9 శాతం గోవిందా. ఇది ప్రాసెసర్ పక్కనుండే చిన్న వేగమైన మెమరీ, అదే క్యాష్‌లో డేటా దొరికినప్పటి మాట. దొరకకపోతే ఆ కథే వేరు.

ఈ గొడవ తేల్చడానికి ల్యాబ్‌లో పావుగంట చాలు. Ripes అని ఉచితంగా దొరికే సిమ్యులేటర్ ఉంది. ఫార్వర్డింగ్, స్టాల్ పెట్టే సర్క్యూట్ రెండూ ఉన్న ఐదు దశల ప్రాసెసర్ ఎంచుకుని, ఈ మూడు లైన్లు వేసి, ఒక్కో క్లాక్ నొక్కుతూ పోతే బబుల్ కళ్ల ముందే కదులుతుంది. కానీ ల్యాబ్‌కి తాళం. తాళం చెవి ఇన్‌స్పెక్షన్ వాళ్లు వచ్చిన రోజే దొరుకుతుంది. ఫీజు మాత్రం ఏటా ల్యాబ్ పేరుతో కట్టాల్సిందే.

ఇగ రికార్డు సంగతి! మా రోజుల్లోనూ ఇంతే. సిమ్యులేటర్ తెరిచిన పాపాన పోకుండా సీనియర్ రికార్డు చూసి రాత్రంతా రాయడమే. క్లాక్ సైకిళ్ల పట్టిక క్లాసు మొత్తానికీ ఒక్కటే, ఎవడో సీనియర్ కూడికలో చేసిన తప్పుతో సహా. ప్రతి పేజీకీ సార్ సంతకం, పక్కన ఎర్ర ఇంకుతో "గుడ్".