తంగేడు పసుపు పాలిపోయింది

మూడు రోజులు కూసొని యానిమేషన్‌ల బతుకమ్మ బొమ్మకు తంగేడు పసుపు దిద్దిన. పీఎన్‌జీలు తీసి, బొమ్మల పొరలన్నీ కలిపే కంపోజిటింగ్‌ల ఏసేసరికి పూలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబోయినయి. నల్లగొండల ఎడిటింగ్ జేసే తమ్ముడు ఫోన్ జేసి "అన్నా, నీ మానిటరే ఖరాబైంది" అన్నడు. మానిటర్ కాదు తమ్మీ!

బొమ్మ గీసే ప్రోగ్రాం ఆ ఫైల్‌ను sRGB గామాతోని, అంటే నడిమి రంగుల విలువలు పెంచే లెక్కతోని రాసింది. కంపోజిటింగ్‌ల దాన్ని Linear అని, అంటే గామా ఎక్కని ఫైల్ అని సదివితే, తెర మీద చూపేటప్పుడు గామా ఇంకోపాలి ఎక్కుతది. 0 నుంచి 255 దాకా ఉండే విలువలల్ల 128 ఉన్న బూడిద రంగు 188 అయితది. నలుపు నలుపే, తెలుపు తెలుపే ఉంటయి, నడిమి రంగులే పాలిపోతయి. అందుకే ఎవ్వరికీ జల్ది అనుమానం రాదు.

నాకు మండేది ఏందంటే, ఎడిటింగ్‌ల కాంట్రాస్ట్ పెంచి "సరిజేసిన" అంటరు. బొమ్మల దీపం చుట్టూ ఉన్న వెలుగు అప్పటికే తప్పు లెక్కతోని కలిసిపోయింది. దాన్ని కాంట్రాస్ట్ ఎట్ల బాగుజేస్తది? అంచులు ఇంకింత గరుకైతయి.

ఫ్రేం మూలకు 128 బూడిద గడి ఒకటి గీసి, ప్రతి ప్రోగ్రాంల తెర మీద కనపడే విలువ చూస్తే అర నిమిషంల తెలుస్తది. 188 వచ్చిందా, ఆ ప్రోగ్రాంల ఇన్‌పుట్ సెట్టింగ్‌ను Linear నుంచి sRGBకి మార్చాలె. గా ఒక్క గడి గీయనీకి ఎవ్వరికీ తీరిక లేదు, నా మూడు రోజులు మాత్రం పోయినయి.