సవరణ: వర్ణాంధులకు తేడా తెలిసే రంగు, అందరూ చదవగలిగే రంగు ఒకటి కాదు

“మిర్చి ధరల గ్రాఫులో మీరు చెప్పిన నారింజ రంగులోనే రకాల పేర్లు రాశాను, గుంటూరు హాల్లో వెనుక వరుసవాళ్లు చదవలేకపోయారు, ఎందుకని?”

తప్పు నా సూచనలోనే ఉంది, మన్నించండి. ఆ గ్రాఫులో ఎరుపు, ఆకుపచ్చ గీతలకు బదులు, వర్ణాంధులకు తేడా తెలిసేలా ఎంచిన ఒకాబే–ఇటో రంగుల జాబితాలోని #0072B2 నీలం, #E69F00 నారింజ వాడమన్నాను. ఆ జంట వర్ణాంధులకు విడివిడిగానే కనిపిస్తుంది గానీ, తెల్లని నేపథ్యంపై ఆ నారింజకు కాంట్రాస్ట్, అంటే వెలుగుల నిష్పత్తి, సుమారు 2.25:1 మాత్రమే కాబట్టి, గీతలకూ 18 పాయింట్లకు తగ్గని అక్షరాలకూ కావలసిన 3:1 కూడా అందదు. దాని స్థానంలో ముదురు నారింజ #D55E00 వాడితే దాదాపు 3.9:1 వస్తుంది, గీతకు అది సరిపోతుంది. 18 పాయింట్ల కంటే చిన్న మామూలు అక్షరాలకు 4.5:1 అవసరం గనుక, రకాల పేర్లను గీత చివరనే నలుపులో రాయండి. చిత్ర వివరణలోనూ “నారింజ గీత” అనకుండా “తేజ రకం ధర” అని రాయాలి.