గడిలో టిక్కు పడని డ్రైవరు

మా నెల్లూరు వైపు రొయ్యకు ఆలస్యం పనికిరాదు. చెరువు గట్టున పట్టిన సరుకు ఐసు పెట్టెల్లోకి, పెట్టెలు పికప్‌లోకి, పికప్ తెల్లారేలోగా ప్లాంటుకు చేరాలి. దారిలో గంట పోతే రేటు పోతుంది. ఇంతటి బరువైన బాధ్యత ఎవరికి అప్పగించాలో తేల్చే అధికారం, మా ఎరుకలోని ఒక ప్లాంటులో, ఎక్సెల్ షీట్లో ఒక గడికి ఉంది. ఆ గడి పేరు 'ట్రాన్స్‌పోర్టు బ్యాడ్జి ఉందా?'. సరుకు బండి తోలడానికి లైసెన్సు మీద వేయించుకునే ఎండార్స్‌మెంటే ఆ బ్యాడ్జి. ఉంటే టిక్కు, లేకపోతే ఇంటికి. ఇంత నిష్పక్షపాతమైన గడి మీద విమర్శలు రావడం చూసి మనసు కష్టమై ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

విమర్శకు కారణం మా వీధిలోని ఒక అన్న. పన్నెండేళ్లుగా బండి తోలుతున్నాడు. లైసెన్సులో ఎల్‌ఎమ్‌వీ, అంటే లైట్ మోటారు వెహికల్, ఉంది, గడువు ఉంది. రాత్రిపూట పికప్ తోలే ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాడు. గడి ఆయన్ని తిప్పి పంపింది. ఊరుకోలేక నేనూ వెంట వెళ్లాను. హెచ్‌ఆర్ అబ్బాయి మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు. ఆ పికప్ ఆర్సీ ఒకసారి చూపించమంటే చూపించాడు కూడా. బండి సరుకుతో కలిపి గ్రాస్ వెయిట్ 2,990 కిలోలు.

చట్టం సంగతి ఏమిటంటే, మోటారు వాహనాల చట్టంలో లైట్ మోటారు వెహికల్‌కు ఇచ్చిన నిర్వచనంలోనే గ్రాస్ వెయిట్ 7,500 కిలోలు మించని ట్రాన్స్‌పోర్టు బండి కూడా ఉంది. అయినా సరుకు బండికి వేరే ఎండార్స్‌మెంటు కావాలా వద్దా అని ఏళ్ల తరబడి కొట్లాట నడిచింది. యాక్సిడెంటు క్లెయిములు వచ్చినప్పుడల్లా బీమా కంపెనీలు 'డ్రైవరుకు ట్రాన్స్‌పోర్టు లైసెన్సు లేదు' అని చేతులెత్తేసేవి. 2017 జులైలో ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు అక్కర్లేదని చెప్పింది. 2018 ఏప్రిల్‌లో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు అదే మాట రాసింది. అక్కడితో తెగక మళ్లీ పెద్ద బెంచికి వెళ్తే, 2024 నవంబరు 6న ఐదుగురు జడ్జీలు కూర్చుని అదే తీర్పును నిలబెట్టారు.

ఇదంతా చెప్పాను. అబ్బాయి శ్రద్ధగా విన్నాడు. "మీరు చెప్పింది కరెక్టే సార్. కానీ గడిలో లేదు కదా" అన్నాడు.

నేను చలించిపోయాను. ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పినా లొంగని గడి అది. ఇంకాస్త కదిపితే తెలిసింది, ఆ గడికి మూలమైన ఉద్యోగ ప్రకటన వయసు పదేళ్ల పైమాటే. ఏటా తేదీ మార్చి వాడుతున్నారు. బ్యాడ్జి అన్న మాట మొదట ఎవరు పెట్టారో, ఏ బండి కోసం పెట్టారో, చట్టం అడిగిందా, బీమా వాళ్లు అడిగారా, లేక అప్పటి మేనేజరు గారి బావమరిదికి బ్యాడ్జి ఉండబట్టి పెట్టారా, చెప్పగలవాళ్లు ఎవరూ ప్లాంటులో మిగల్లేదు.

ఇక టిక్కు పడిన అదృష్టవంతుడి సంగతి. ఆయన అప్లికేషన్‌లో 'ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఉంది' అని రాశాడు. అబద్ధం కాదు, ఉండేది. లైసెన్సు కార్డు మీద గడువు తేదీలు రెండుంటాయి. నాన్ ట్రాన్స్‌పోర్టుకు ఒకటి, ట్రాన్స్‌పోర్టుకు ఒకటి. మొదటిది చాలా ఏళ్లు నడుస్తుంది. రెండోది, 2019 సవరణ తర్వాత, ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఈయన రెండో తేదీ దాటి ఎనిమిది నెలలైంది. గడిలో తేదీకి చోటు లేదు కాబట్టి అది ఎవరికీ కనిపించలేదు. ఇందులో ధర్మసూక్ష్మం గమనించండి. ఈయన ఇప్పుడు ఆ పికప్ చక్రం పట్టుకోవడానికి చట్టప్రకారం మిగిలిన ఆధారం ఆయన ఎల్‌ఎమ్‌వీ ఒక్కటే. ఏ కాగితం చాలదని మా అన్నను పంపేశారో, అదే కాగితం మీద ఈయన ఉద్యోగం చేస్తున్నాడు.

నా రాకపోకల వల్ల ప్లాంటులో జ్ఞానోదయం కలిగిన మాట నిజం. అది కాస్త ఎక్కువైంది. 'సమానమైన లైసెన్సు ఉన్నా చాలు' అని ప్రకటనలో ఒక వాక్యం చేర్చారు. దేనికి ఏది సమానమో రాయలేదు. దాంతో ఎల్‌ఎమ్‌వీ ఉన్న ఇంకో కుర్రాడికి కంటెయినర్ లారీ ఇవ్వబోయారు. లైసెన్సు లైసెన్సే కదా అని! సమానం అన్నది ఇక్కడ ఒకవైపే నడిచే దారి. హెవీ తోలేవాడు ఆ మెట్టు ఎక్కాలంటే ముందు కనీసం ఏడాది ఎల్‌ఎమ్‌వీ పట్టుకుని ఉండాలి, కాబట్టి పికప్‌కు వాడు సరిపోతాడు, కార్డు మీద రెండు క్లాసులూ కనిపిస్తాయి. పికప్ తోలేవాడు మాత్రం 7,500 కిలోల గీత దాటగానే ఎవరికీ సమానం కాడు. అయితే గడి మహిమ చూడండి, అదే వారం 'ఎల్‌ఎమ్‌వీ' అని వెతికితే, అప్లికేషన్‌లో ఉత్త 'హెవీ లైసెన్స్' అని రాసుకున్న ఇరవయ్యేళ్ల లారీ డ్రైవరు పేరు రాలేదు. పెద్దది ఉన్నవాడు చిన్నది లేదన్న కారణంతో పోయాడు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ తెప్పించింది అమ్మోనియా. ప్లాంటులో ఫ్రీజర్లు నడిచేది దానితోనే. ఒకసారి సిలిండర్లు అత్యవసరమైతే, 'మన పికప్ పంపుదాం, 7,500 లోపే కదా, సుప్రీంకోర్టు ఒప్పుకుంది' అన్నారు మేనేజరు గారు. నేను చెప్పిన పాఠం నాకే వచ్చి తగిలింది. ప్రమాదకరమైన సరుకుకు బండి బరువుతో నిమిత్తం లేదు. దానికి మూడు రోజుల ప్రత్యేక శిక్షణ, లైసెన్సు మీద దానికంటూ ఎండార్స్‌మెంటు కావాలి. అలాంటి ప్రత్యేక అర్హతలు అలాగే ఉంటాయని 2024 తీర్పులోనే రాశారు. పన్నెండేళ్ల అనుభవం, హెవీ లైసెన్సు, బ్యాడ్జి, మేనేజరు గారి నమ్మకం, ఇవన్నీ కలిపినా ఆ మూడు రోజులకు సమానం కావు. లీకైనప్పుడు వాల్వు ఎలా కట్టాలో, గాలి ఎటు వీస్తుంటే ఎటు పరిగెత్తాలో నేర్పేది అక్కడ. ఆ ఒక్క చోట గడి ఎంత మొండిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. విచిత్రంగా, షీట్లో ఆ గడే లేదు.

చివరికి హెచ్‌ఆర్ అబ్బాయి, పాపం, మంచివాడు, రెండు కొత్త గడులు పెట్టాడు. 'ఏ బండి, గ్రాస్ వెయిట్ ఎంత' అని ఒకటి, 'కార్డు మీద క్లాసు, గడువు తేదీ' అని ఒకటి. అప్లికేషన్‌లో రాసింది కాకుండా పరివాహన్ సైటులో లైసెన్సు నంబరు కొట్టి చూసి నింపాలని కింద నోట్ కూడా రాశాడు. బ్యాడ్జి గడి మాత్రం తీసేయలేదు. తీసేయడానికి పైనుంచి మెయిల్ రావాలట.

మా అన్న విషయం అడుగుతారేమో. ఆయన ఒక చెరువు రైతు దగ్గర చేరాడు. రోజూ తెల్లవారుజామున అంతే బరువున్న పికప్‌లో, అదే లైసెన్సు జేబులో పెట్టుకుని, అదే ప్లాంటుకు రొయ్యలు తోలుతున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన లైసెన్సు అడిగి తీసుకుని, గడువు చూసి, రిజిస్టర్లో నంబరు రాసుకుని, "పో అన్నా, లోపలికి పో" అంటాడు.