ఎఫిషియెన్సీ వేరియన్స్ అడ్వర్స్ వస్తే తప్పు సూపర్‌వైజర్‌దేనా?

"రేట్ వేరియన్స్ ఫేవరబుల్ వస్తే కూలీలను పెట్టినోళ్ల గొప్ప. ఎఫిషియెన్సీ అడ్వర్స్ వస్తే సూపర్‌వైజర్ ఫెయిల్. ఎక్కువైన ఖర్చు అతన్నే అడగాలి." కూలీ వేరియన్స్‌లు, అంటే స్టాండర్డ్ ఖర్చుకూ అయిన ఖర్చుకూ ఉన్న తేడాలు, చూసి ఇలా తేల్చేసేవాళ్లు ఉంటారు. ఖర్చు తగ్గితే ఫేవరబుల్, పెరిగితే అడ్వర్స్.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొని ఆడించే ఒక జిన్నింగ్ మిల్లు అనుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. స్టాండర్డ్ ప్రకారం బేలుకు 2 గంటల కూలీ, గంటకు 75 రూపాయలు. నెలకు 1,000 బేళ్లు తీశారు. గంటకు 65కే వచ్చే కొత్తవాళ్లను పెట్టారు, 2,400 గంటలు పట్టింది.

గంట రేటు తేడా వల్ల వచ్చే రేట్ వేరియన్స్ 10 × 2,400 = 24,000 ఫేవరబుల్. 2,000 గంటల పనికి ఎక్కువ పట్టిన గంటల వల్ల వచ్చే ఎఫిషియెన్సీ వేరియన్స్ 400 × 75 = 30,000 అడ్వర్స్. నికరంగా 6,000 ఎక్కువ ఖర్చు.

ముందు ఆ 400 గంటలు ఎక్కడ పోయాయో చూడాలి. లాగ్‌బుక్‌లో కరెంటు పోయి ఖాళీగా కూర్చున్నవి 100 గంటలు. ఇది ఐడిల్ టైమ్, 7,500 రూపాయలు. దీన్ని ఎఫిషియెన్సీలో కలిపేస్తే సూపర్‌వైజర్ చేతిలో లేనిది అతని ఖాతాలో పడుతుంది. (బెల్టు తెగి ఆగితే మాత్రం మెయింటెనెన్స్‌ను అడగాల్సిందే.)

మిగిలిన 300 గంటలను లాట్లవారీగా విడదీయాలి. పొడి పత్తి 600 బేళ్లకు, ఆగిన సమయం తీసేస్తే, బేలుకు 2.18 గంటలు పట్టింది. తడి పత్తి 400 బేళ్లకు 2.48. పొడి పత్తిలోనూ కనిపించే 0.18 కొత్త చేతుల వల్ల వచ్చింది: 1,000 బేళ్లకు 180 గంటలు, 13,500 రూపాయలు. పైన ఉన్న 0.30 తేమ వల్ల: 120 గంటలు, 9,000 రూపాయలు. తడి పత్తి రోలర్లకు చుట్టుకుంటుంది. జిన్ను ఆపి తీయాల్సి వస్తుంది, ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా ఇది తప్పదు.

ఇప్పుడు రెండు వేరియన్స్‌లనూ కలిపి చదవండి. పాతవాళ్లే ఉండి ఉంటే ఆ 180 గంటలు తగ్గి 2,220 గంటలు, గంటకు 75 చొప్పున 1,66,500 అయ్యేది. అయింది 1,56,000. అంటే కొత్తవాళ్లను పెట్టడం వల్ల మిగిలింది 24,000 కాదు, 10,500. అయినా ఆ నిర్ణయం నష్టం కాదు. గింజలు పగలడం, దూదిలో చెత్త మిగలడం పెరిగితే ఆ మిగులు కరిగిపోతుంది. అది కూలీ వేరియన్స్‌లో కనిపించదు, బేలు ధరలో చూసుకోవాలి.

ఎక్కువైన ఖర్చుకు అసలు కారణాలు తేమ, కరెంటు. తేమ కంట్రోల్‌లో ఉందా లేదా అనేది కొనుగోలు రోజు మాయిశ్చర్ మీటర్ రీడింగ్ తేలుస్తుంది. అదే రోజు మార్కెట్‌లో 10 శాతం తేమ ఉన్న పత్తి దొరుకుతున్నా 15 శాతం ఉన్నది కొంటే బాధ్యత కొన్నవాళ్లది. వానలకు మార్కెట్ అంతా తడి పత్తే వచ్చి ఉంటే ఎవరినీ నిలదీయలేం. ఆ లాట్లకు బేలుకు 2.30 గంటలు అని స్టాండర్డ్‌ను సవరించి, దానిమీద వేరియన్స్ మళ్లీ తీయాలి. సూపర్‌వైజర్‌ను న్యాయంగా అడగగలిగింది కొత్తవాళ్ల 180 గంటల గురించే. అదీ వాళ్లకు పని నేర్పే సమయం అతనికి ఇచ్చి ఉంటేనే.