లక్షా ఎనభై వేలని పిన్నికి ఎలా తెలిసింది?

సంక్రాంతికి ముందు సంగతి. ఎంవీపీ కాలనీ రైతు బజార్లో బెండకాయలు ఏరుకుంటుంటే పిన్ని పక్కకొచ్చి మెల్లగా అడిగింది. "గొలుసు విడిపించేసావా అమ్మా? లక్షా ఎనభై వేలంటే వడ్డీ బాగానే అవుతుంది కదా."

తమ్ముడి అప్పు కోసం మూడు తులాల గొలుసు తాకట్టు పెట్టానని మా ఆయనకి తెలుసు. కానీ ఆయనకి లక్షే అని చెప్పాను. (అది నా తప్పే. ఆ రాత్రే చెప్పేసి తిట్లు తిన్నాను.) అసలు అంకె తెలిసింది బ్యాంకు వాళ్ళకీ, పదిహేనేళ్ళ నా స్నేహితురాలికీ మాత్రమే.

ఇలాంటప్పుడు చాలామంది ఏమీ తెలియనట్టు "నువ్వెవరికైనా చెప్పావా?" అని అడుగుతారు. నాకది నచ్చదు. అవతలి మనిషి కంగారులో "లేదు" అనేస్తుంది. ఇక ఆ అబద్ధాన్ని కాపాడుకోవడమే ఆమె పనవుతుంది. అందుకని నాకు తెలిసింది ముందే చెప్పేద్దామనుకున్నాను. ఫోన్లో కూడా వద్దనుకున్నాను.

బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ ఎదురుగా గట్టు మీద కూర్చున్నాం. మురీ మిక్చర్ పొట్లాం విప్పుతూ "ఏటే, మొహం అలా పెట్టావు?" అంది. "పిన్ని నాతో అంకెతో సహా అంది. ఆ అంకె నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎవరికి చెప్పావో, ఎంత చెప్పావో చెప్పు" అన్నాను.

కాసేపు పొట్లాంలోకి చూస్తూ ఉండిపోయింది. "మీ పిన్ని కూతురితో అన్నాను. నీ గురించి బెంగతోనే."

"బెంగ ఉంటే నాతో అనాలి. ఇంకెవరికి?"

"ఇంకెవరికీ లేదు."

మర్నాడు పొద్దున్న ఏడు కాకముందే ఫోన్ చేసింది. "మా ఆడపడుచుతో కూడా అన్నానే. నిన్న నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

నేను ఆగి ఆలోచించింది ఇక్కడే. మొదటి పేరు దొరికిపోయింది కాబట్టి ఒప్పుకుంది. దానికి నేనేం విలువ ఇవ్వను. రెండో పేరు ఆమె చెప్పకపోతే నాకు జన్మలో తెలిసేది కాదు. "బెంగతోనే" అన్న మాట మాత్రం ఇంకా మింగుడు పడలేదు. తప్పుకి ప్రేమ అని పేరు పెట్టుకున్న మనిషి మళ్ళీ అదే ప్రేమతో అదే పని చేస్తుంది.

తెగతెంపులు చేసుకోమంది మా అక్క. చేసుకోలేదు. మా అత్తయ్యకి అర్ధరాత్రి ఆయాసం వచ్చినప్పుడు ఆటో తీసుకొచ్చింది ఈ మనిషే. ఇప్పటికీ అలాంటి అవసరానికి మొదటి ఫోన్ ఆమెకే చేస్తాను. డబ్బు మాటలు, ఇంటి గుట్లు మాత్రం ఇక చెప్పను. ఆ మాట ఆమెతోనే అన్నాను. ఏడ్చింది, వాదించలేదు.

మొన్న ఆదివారం వచ్చి, కాఫీ తాగుతూ అలవాటుగా అడిగింది, "గొలుసు సంగతి ఏమైందే?" అని. "చూస్తున్నాం" అన్నాను. తలూపి పిల్లల పరీక్షల గురించి మాట్లాడింది.

గొలుసు విడిపించి అప్పటికి నాలుగు రోజులైంది.