ఆపరేషన్ తర్వాత దడ, ఆయాసం: నాలుక కింద మాత్ర పెట్టుకుని కూర్చోకండి

ఇలా ఒక మెసేజ్ తిరుగుతోంది: “దూర ప్రయాణం చేసి వచ్చాకో, ఆపరేషన్ అయ్యాకో గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే కంగారు పడొద్దు. అది గ్యాస్, అలసట. గాలి పీలిస్తే ఎక్కువయ్యే నొప్పి గుండెది కాదు. నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకుని, ఒక ఆస్పిరిన్ వేసుకోండి. కాళ్లు మర్దన చేయించుకోండి, నిమ్మరసం తాగండి. ఈసీజీ, ఆక్సిజన్ నార్మల్‌గా ఉంటే ఆస్పత్రి అక్కర్లేదు. పది మందికి పంపండి.”

దయచేసి పంపకండి. పంపినవాళ్లు వెనక్కి తీసుకోండి. ఆ లక్షణాలు ఆ రెండు సందర్భాల్లో ఉన్నట్టుండి వస్తే ముందు అనుమానించాల్సింది పల్మనరీ ఎంబాలిజాన్ని. కాలి లోపలి సిరలో కట్టిన రక్తపు గడ్డ తెగి, గుండె కుడి భాగం గుండా వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుంటుంది. ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది మొదటి కొన్ని గంటల్లోనే. ఆ గంటల్ని నిమ్మరసంతో గడపమంటోంది ఈ మెసేజ్.

నిమ్మరసం సంగతి ఇక్కడితో వదిలేద్దాం. అది గడ్డను ఏమీ చేయదు.

నొప్పి సంగతి చూద్దాం. ఇందులో సగం నిజం ఉందని ఒప్పుకోవాలి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పొడిచినట్టుండే నొప్పి చాలాసార్లు గుండెపోటుది కాదు. కానీ గుండెపోటు కానిదల్లా గ్యాసేనా? చిన్న గడ్డ ఊపిరితిత్తి అంచు దాకా వెళ్లి అక్కడి కొమ్మను మూసేస్తే, ఆ అంచు దెబ్బతిని పైపొర వాస్తుంది. ఊపిరి తీసినప్పుడల్లా ఆ పొర రాసుకుని పొడుస్తుంది. కొందరికి దగ్గులో రక్తపు చార కూడా పడుతుంది. పెద్ద గడ్డ మధ్యలోని పెద్ద నాళంలోనే ఆగితే అసలు నొప్పే లేకుండా ఆయాసం, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం మాత్రమే రావచ్చు. అంటే నొప్పి తగ్గింది కదా అని ఊరుకోవడానికీ లేదు. కాలిలో మిగిలిన గడ్డ నుంచి ఇంకో ముక్క, మొదటిదానికన్నా పెద్దది, తెగి రావచ్చు.

నాడి ఎందుకు పరుగెడుతుంది? దారి మూసుకుపోవడంతో గుండె కుడి గది నెట్టలేకపోతుంది, ఎడమ వైపుకు చేరే రక్తం తగ్గుతుంది. ఒక్కో కొట్టుకు పంపేది తగ్గినప్పుడు గుండె కొట్టుకునే సంఖ్య పెంచి లోటు పూడ్చుకుంటుంది. కదలకుండా కూర్చున్నా నాడి నిమిషానికి 100 దాటి ఉండటానికి అర్థం అదే కావచ్చు. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు గడ్డ ఉన్నా నాడి అంత పెరగకపోవచ్చు.

ఇక అన్నిటికన్నా హాని చేసే మాట సార్బిట్రేట్. ఇది సిరల్ని వదులు చేసి గుండెకు తిరిగి వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. గుండెకు రక్తం చాలక ఛాతీ నొప్పి వచ్చే ఆంజైనా ఉన్నవాళ్లకు డాక్టరు రాసిస్తే ఆ తగ్గడమే మేలు. ఇక్కడ పరిస్థితి తలకిందులు. కుడి గది అడ్డును ఎదిరించి నెట్టడానికి, వచ్చే రక్తం మీదే ఆధారపడి ఉంటుంది. అది ఒక్కసారిగా తగ్గితే బీపీ పడిపోతుంది, మనిషి కుప్పకూలవచ్చు. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషిని ఇంట్లోవాళ్లే తమ చేతులతో షాక్‌లోకి నెట్టినట్టవుతుంది. ఎవరో రాసిన మెసేజ్ చదివి, పక్కింటాయన డబ్బాలోని మాత్ర తెచ్చి నాలుక కింద పెట్టడం సాయం కాదు. ఎంత ప్రేమతో పెట్టినా కాదు.

ఆస్పిరిన్ విషయంలో ఒక మాట చెప్పాలి. మోకాలి మార్పిడి తర్వాత గడ్డ కట్టకుండా కొందరికి సర్జన్లే ఆస్పిరిన్ ఇస్తారు, అది సరైన పద్ధతే. అయితే అది నివారణకు. ఊపిరితిత్తికి చేరిన గడ్డకు ఆస్పిరిన్ వైద్యం కాదు. దానికి రక్తం గడ్డకట్టడాన్ని ఆపే హెపారిన్ వర్గపు ఇంజెక్షన్లో, అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి మాత్రలో కావాలి. ఆపరేషన్ గాయం పచ్చిగా ఉన్నప్పుడు వీటితో రక్తస్రావం కాగలదు కాబట్టి ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరే తూచి ఇవ్వాలి.

మర్దన అసలే వద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే అక్కడే గడ్డ ఉండవచ్చు. పిసికితే అది కదిలే ప్రమాదం ఉంది. కాలు మామూలుగానే ఉందని ధీమా పడకండి, చాలామందికి కాలిలో ఏ గుర్తూ కనిపించదు.

ఈసీజీ, ఆక్సిజన్ నార్మల్ అన్న మాటతో జనం ఇంటి దగ్గరే ఆగిపోతున్నారు. ఈ జబ్బులో ఈసీజీలో తరచుగా కనిపించేది వేగంగా కొట్టుకోవడం ఒక్కటే, దానివల్ల ‘అంతా బాగుంది’ అనిపిస్తుంది. వేగంగా ఊపిరి తీస్తూ శరీరం సర్దుకుంటుంది కాబట్టి ఆక్సిమీటర్ 96 చూపించవచ్చు. ఆ తెర మీదే పక్కన నాడి 118 అని ఉంటే దాన్నీ చూడాలి కదా!

ఒక ఉదాహరణ చూద్దాం. 58 ఏళ్ల ఆవిడకు 12 రోజుల క్రితం మోకాలి మార్పిడి అయింది. బాత్రూమ్‌కు వెళ్లి వస్తూ ఉన్నట్టుండి ఆయాసం, కుడి పక్క పొడుపు. నాడి 118, ఆక్సిజన్ 95, జ్వరం లేదు. అత్యవసర విభాగంలో గడ్డ ఉండే అవకాశం ఎంతో అంచనా వేసే వెల్స్ స్కోరు వేస్తారు. నాడి 100 దాటినందుకు 1.5, నాలుగు వారాల్లోపు ఆపరేషన్ అయినందుకు 1.5. ఇంతకన్నా నమ్మదగిన వేరే కారణం కనబడట్లేదని డాక్టరు భావిస్తే 3. మొత్తం 6. నాలుగు దాటింది కాబట్టి గడ్డ ఆనవాళ్లు వెతికే డీ-డైమర్ రక్తపరీక్ష కోసం ఆగకుండా నేరుగా ఊపిరితిత్తుల రక్తనాళాలను చూపే స్కాన్, సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్‌కు పంపుతారు. ఆపరేషన్ అయిన వాళ్లకు డీ-డైమర్ ఎలాగూ పెరిగే ఉంటుంది, అది పెరిగిందని తెలిసినా తేలేదేమీ లేదు. అనుమానం గట్టిగా ఉండి రక్తస్రావ ప్రమాదం తక్కువైతే స్కాన్‌కు ముందే హెపారిన్ మొదలుపెడతారు. బీపీ పై అంకె 90 కన్నా దిగితే గడ్డను కరిగించే మందో, గొట్టం ద్వారా తీసేయడమో ఆలోచిస్తారు. గడ్డ తేలితే మందు కనీసం 3 నెలలు.

ఆ ఆయాసానికి న్యుమోనియా, రక్తహీనత, ఆందోళన కూడా కారణం కావచ్చు. అది నిజమే. వాటిలో ఏదో తేల్చాల్సింది మాత్రం ఆస్పత్రిలో.

ప్రయాణం మాటకొస్తే, నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చున్న ప్రయాణం ముప్పును సుమారు రెట్టింపు చేస్తుంది. విమానం అయినా, బస్సయినా, కారయినా అంతే. మామూలు ఆరోగ్యవంతులకు అది చాలా చిన్న సంఖ్యే, ఈ ఒక్క విషయంలో కంగారు వద్దన్న సలహా సరైనదే. కానీ పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నల్లో ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, క్యాన్సర్ ఉన్నవాళ్లు, ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్లు ఉంటే లెక్క మారుతుంది. దిగిన రోజు బాగానే ఉండి పదో రోజున ఆయాసం రావచ్చు. ప్రయాణం అయ్యాక సుమారు 4 వారాల వరకు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

అలాంటి ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి. మెట్లు దిగనివ్వకండి, బండి నడపనివ్వకండి. ఊపిరి సులువుగా ఆడే భంగిమలో కూర్చోబెట్టండి, కళ్లు తిరిగితే పడుకోబెట్టండి. సీటీ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమని అడగండి. డిశ్చార్జ్ కాగితం వెంట పెట్టుకోండి, రక్తం పలచన చేసే మందు ఇచ్చారా, ఎప్పుడు ఆపారో చెప్పండి. గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేయబోతే ఒక్క ప్రశ్న అడగండి: “డాక్టరు గారూ, ఆపరేషన్ అయి 12 రోజులైంది, ఊపిరితిత్తుల్లో గడ్డ లేదని ఎలా తేల్చారు?”